ఆరో ఫారం వాళ్ళకు శేషప్ప పిలుపు

“తేదీ యాడుందప్పా దీంట్లో? కండ్లద్దాలు పెట్టుకోని రెండుసార్లు సదివినా. దొరకల్యా!”

“ఉండాది. నిదానంగా సదివితే కనపడుతుంది.”

“నిదానంగా సదివేదానికి ఇదేమన్నా పురాణమా? కార్డు శేషప్పా, కార్డు!”

“మరి నువ్వు రాసుకొచ్చింది ఏంది రంగప్పా? ‘పన్నెండో తేదీన సత్రమునందు హాజరు కావలెను.’ కోర్టు సమన్లు మాదిరుంది. అది సూస్తే మనోళ్ళు వస్తారా, యాడన్నా దాక్కుంటారా?”

ఆదోనిలో నేను ప్రూఫులు దిద్దే అచ్చాఫీసులో చెక్క అడ్డుతడికకు ఇవతల నా బల్ల, అవతల గిరాకీలు కూర్చునే బెంచీ. కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంటే మా నాయన తెచ్చి పెట్టిన పని ఇది. తడిక అవతల ఎవరు ఎవరిని తిట్టినా వినకుండా ఉండలేను. రంగప్ప వకీలు. శేషప్ప పత్తి మండీలో దలాలీ అంగడి గుమాస్తా. ఇద్దరూ పెద్దబడిలో 1928లో ఆరో ఫారం, అంటే ఆఖరి తరగతి, కలిసి చదివినవాళ్ళు. ఇప్పుడు 1956 మొదలైంది. ఫిబ్రవరి పన్నెండు ఆదివారం నాడు ఆ తరగతి వాళ్ళందరినీ మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టాలని శేషప్ప పట్టుదల.

అచ్చాఫీసు యజమాని నాగప్ప విసిగిపోయి నన్ను పిలిచాడు. “నువ్వు సదువప్పా. ఎవురిది వేద్దాం?”

రెండూ చదివి, “రెండూ బాగలేవు,” అన్నాను.

శేషప్పది పెళ్ళిపత్రిక వరస. స్వస్తిశ్రీతో మొదలై, ఫుల్‌స్టాప్ లేకుండా పేజీ పొడవునా పారింది. బడి గంట, లెక్కల అయ్యవారి బెత్తం, కోట కొండ ఎక్కి దొంగిలించి తిన్న సీతాఫలాలు, వాటి మధ్య ఎక్కడో ఇరుక్కున్న తేదీ. పెళ్ళిపత్రికలో అది చెల్లుతుంది. దాన్ని మనిషి ఇంటికి తీసుకువెళ్ళి, బొట్టుపెట్టి, ముహూర్తం నోటితో చెప్పి వస్తాడు. ఎవరూ చదవనక్కరలేదు. టపాలో పోయే కార్డుకు నోరు లేదు. మొన్న రాష్ట్రం విడిపోయినప్పుడు ఆదోని ఇటు వచ్చింది, బళ్ళారి అటు ఉండిపోయింది. తరగతిలో సగంమంది అటే ఉన్నారు. వాళ్ళకు ఎవరు వెళ్ళి చెబుతారు?

ఈ మాటే చెప్పాను. రంగప్ప సంతోషించాడు. “మీది ఇంకా అన్యాయం. దాన్ని చదివి ఎవరూ బస్సు ఎక్కరు,” అన్నాను. ఆయన సంతోషం పోయింది.

“అయితే నువ్వే రాయి,” అన్నాడు నాగప్ప.

శేషప్పది మా వీధే. చిన్నప్పటినుంచీ మామా అని పిలుస్తాను. భార్య పోయి చాలాకాలమైంది, కూతుళ్ళిద్దరూ అత్తవారిళ్ళల్లో ఉన్నారు. పొద్దున పత్తి బోరాలు తూకం వేయిస్తూ అరిచి అరిచి గొంతు బొంగురుపోతుంది. సాయంత్రం ఆ బొంగురు గొంతుతోనే అరుగు మీద కూర్చుని పాత స్నేహితుల కబుర్లు చెబుతాడు. గుంతకల్లు రైల్వేలో ఉన్నవాడికి మోకాళ్ళ నొప్పులు, హోస్పేటలో ఉన్నవాడి కొడుకు చెప్పిన మాట వినడు. ఇవన్నీ ఆయనకు తన ఇంటి సంగతులు. వాళ్ళకు ఈయన ఎంత గుర్తున్నాడో నాకు అనుమానమే. ఒకసారి ఆ మాట అనేశాను. “వాళ్ళకు గుర్తులేకుంటే ఏమప్పా, నాకుంది గదా,” అని వక్క నములుతూ పోయాడు.

నిరుడు కూడా ఇలాగే ఆదోనిలో కలుద్దామని, వేరే ఊళ్ళో కార్డులు అచ్చు వేయించాడు. ఆదోని వాళ్ళు తప్ప పెద్దగా ఎవరూ రాలేదు. అన్నిటికన్నా ఆయనను బాధపెట్టింది ఇశ్రాయేలు రాకపోవడం. బెంచీలో ఆయన పక్కన కూర్చుని చదివినవాడు. ఎమ్మిగనూరులో మగ్గాల సొసైటీకి నూలు రంగులద్దుతాడు. “బస్సెక్కితే గంటసేపు. అంత దగ్గర్నుంచి కూడా రాల్యా సూడు. నా మీద ఏమన్నా కోపమేమో,” అని ఏడాదంతా అన్నాడు. ఈసారి కార్డు ఎవరికోసమో నాకు తెలుసు. ఇశ్రాయేలు వస్తే చాలు ఆయనకు, మిగతావాళ్ళు రాకపోయినా ఓర్చుకుంటాడు.

శేషప్ప రాసినదాన్ని నేను సగానికి సగం నరికాను. సీతాఫలాలు ఉంచాను, బెత్తం తీసేశాను. “అందరం ఒకే కుండలో నీళ్ళు తాగి పెరిగినాం” అన్న వాక్యం శేషప్పకు ప్రాణం. అది ఉండాల్సిందే అన్నాడు. తేదీ, చోటు కింద విడిగా పెద్ద అక్షరాల్లో కూర్పించి, దిద్దుకోవడానికి గ్యాలీ ప్రూఫు ఒకటి తీశాను.

“అచ్చు కాకముందే ఇశ్రాయేలుకు సూపిద్దాం రా అల్లుడా. పెండ్లికి పోయినట్ల చేతికిచ్చి పిలుద్దాం,” అన్నాడు శేషప్ప. మండీకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

ఎమ్మిగనూరులో రంగుల షెడ్డు నిండా ఆవిరి. ఇశ్రాయేలు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా నీలం. శేషప్పను చూసి నవ్వాడు గానీ దగ్గరికి రాలేదు.

“చేతులు తడి. నువ్వే పట్టుకో అప్పా,” అన్నాడు నాతో. నేను ప్రూఫు ఆయన కళ్ళముందు పట్టుకున్నాను. పెదవులు కదుపుతూ చదివాడు. సీతాఫలాల దగ్గర మళ్ళీ నవ్వాడు. కిందికి వచ్చి ఆగాడు.

“ఈసారి చోటు రాసినారే.”

“ఎప్పుడూ రాస్తాం గదరా!” అన్నాడు శేషప్ప.

“నిరుడు రాయల్యా.”

“రాయకపోవడమేంది?”

“మొత్తం రాసినావు శేషా, కండ్లల్లో నీళ్ళు తిరిగేటట్ల రాసినావు. బస్సులో కూడా సదువుకుంటా వచ్చినా. దిగినాక సూసుకున్నా, తేదీ ఉంది, యాడికి రావాలో లేదు. బడి కాడికి పోయినా. తాళమేసి ఉండె. గేటు కాడ కూర్చున్నా. ఎవురూ రాలేదు. కడాకు బస్సుకు ఎల్లిపోయినా.”

నిరుడు అందరూ కూర్చున్నది రంగప్ప ఇంటి వరండాలో. బడికి రెండు వీధుల అవతల. ఆదోని వాళ్ళందరికీ శేషప్ప నోటితో చెప్పాడు కాబట్టి కార్డులో రాయాలన్న ఆలోచనే రాలేదు.

“నా ఇంటికి రాకపోతివా! మండీలో ఎవుర్నడిగినా సెప్పేవాళ్ళు గదరా!”

“అడుగుదామనుకున్నా.” ఇశ్రాయేలు నూలు చిలప ఒకటి తిప్పి ఆరేశాడు. “మల్లా అనుకున్నా, కావాలనే రాయల్యేమో అని.”

“కావాలనా? నేనా?”

“నువ్వు కాదులే. మిగతావాళ్ళు.” ప్రూఫు వైపు గడ్డం చూపించాడు. “ఇదో, దీంట్లో కూడా ఉంది గదా. అందరం ఒకే కుండలో తాగినామని. నేను తాగల్యా శేషా. బంట్రోతు దూరంగా నిలబడి నా దోసిట్లో పోసేవాడు. నీకు యాది ల్యా?”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. శేషప్ప ఒక బోర్లించిన తొట్టి మీద కూర్చుండిపోయాడు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు ఎంత మురిపెంగా చదివాడో నేను విన్నాను. దోసిలి ఆయనకు అంతవరకూ నిజంగానే గుర్తు లేదు.

“ఉండాది,” అన్నాడు. “ఇప్పుడు యాదికొస్తాంది.”

నేను జేబులోంచి పెన్సిల్ తీసి కుండ మీద గీత కొట్టాను. “అందరికీ ఉన్న జ్ఞాపకం ఒకటి చెప్పండి. అందరికీ. లేకపోతే ఏమీ వద్దు,” అన్నాను ఇద్దరితో.

ఇద్దరూ ఆలోచించారు. శేషప్ప ఏదో చెప్పబోయి, ఇశ్రాయేలు ముఖం చూసి మానుకున్నాడు. ఇంకొకటి మొదలుపెట్టి దాన్నీ మింగేశాడు. చివరికి ఇశ్రాయేలే అన్నాడు:

“వాన.”

“ఏం వాన?”

“మన రూము పైకప్పు కారేది గదా. లెక్కల అయ్యవారు కూడా కుర్చీ వదిలి మూలకు వచ్చేవాడు. ఆ ఒక్క మూలే పొడి. అందరం ఆడ ఇరుక్కోని నిలబడేవాళ్ళం, పుస్తకాలు చొక్కాల్లో పెట్టుకోని.”

“నువ్వు నా ముందర నిలబడేవాడివి. పొడుగు నువ్వు, నాకు బోర్డు కనపడేది కాదు!” శేషప్ప గొంతు లేచింది.

“బోర్డు మీద ఏముంటాది, నీళ్ళు కారతాంటే! ఆ పొద్దు మాత్రం నన్ను ఎవురూ జరుగు అనలేదు.”

నేను తొట్టి అంచు మీద ప్రూఫు తిరగేసి పెట్టుకుని రాశాను. ఈసారి తేదీ, చోటు పైనే పెట్టాను. చదువుతూ చదువుతూ కళ్ళు చెమర్చినవాడికి కింద వెతికే ఓపిక ఉండదు. అక్కడే మళ్ళీ ఒకసారి గట్టిగా చదివాను.

*1956 ఫిబ్రవరి 12, ఆదివారం, పొద్దున తొమ్మిదికి*
*ఆదోని రైల్వే స్టేషన్ ఎదుటి సత్రం, మేడ మీద*

*మన గది పైకప్పు కారినప్పుడు పొడిగా మిగిలిన ఆ మూల నీకు గుర్తుందా? అందులో అందరికీ చోటు దొరికింది. ఆ చోటు మళ్ళీ చేసుకుందాం రా. పాసైనవాళ్ళూ, తప్పినవాళ్ళూ, మధ్యలో మానినవాళ్ళూ అందరూ మనవాళ్ళే. రైలు దిగితే ఎదురుగా కనిపిస్తుంది సత్రం. బస్సు దిగినవాళ్ళు స్టేషన్ ఎక్కడని అడిగితే చాలు.*

“సీతాఫలాలు పోయినాయే,” అన్నాడు శేషప్ప దిగులుగా.

“అవి నోటితో చెప్పుకోండి, కూర్చున్నాక.”

ఇశ్రాయేలు చేతులు కడుక్కుని పంచెకు తుడుచుకున్నాడు. నీలం పోలేదు. కాగితం తనే తీసుకుని, పైన రెండు వరసలు మళ్ళీ చూశాడు.

“తొమ్మిదికి గుడిలో ఉంటా అప్పా. ఆదివారం ఆరాధన వదిలిపెట్టను.”

“ఎన్నింటికి అయితాది?” శేషప్ప గబుక్కున అడిగాడు.

“పదికి బస్సు దొరుకుతుంది.”

నేను తొమ్మిది కొట్టేసి, మధ్యాహ్నం పన్నెండుకు అని దిద్దాను. ఇశ్రాయేలు దాన్ని చూసి తల ఊపాడు. “అట్లయితే భోజనానికి అందుకుంటా,” అన్నాడు. కాగితం నా చేతికిచ్చి మళ్ళీ నూలు దగ్గరికి వెళ్ళాడు.

తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్నాం. బస్సింకా నిండలేదు, డ్రైవరు టీ తాగుతున్నాడు. వస్తానన్నాడు కదా, శేషప్ప గాలిలో తేలుతాడనుకున్నాను. ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“అల్లుడా, కార్డు కింద పిలిచేవాళ్ళ పేరు ఎవురిది వేస్తాండావు?”

“నీదే మామా. రంగప్పది కూడా వేద్దామా?”

“వానిది వద్దు. వాని పేరు కోర్టు కాగితాల మీద పడతాదిలే.” నవ్వలేదు. “ముందర ఇశ్రాయేలు పేరు వెయ్యాల, ఆ కింద నాది. ఆయప్ప పిలిచినట్ల పోవాల అందరికీ. నువ్వు దిగి, పోయి అడిగిరా. బస్సును నేను ఆపుతా.”

“నువ్వే అడగొచ్చు కదా. ఇప్పుడే కదా మాట్లాడింది.”

“నేనడిగితే నా మొగం సూసి సరే అంటాడప్పా. నువ్వు అడుగు. నీతో అయితే, ఇష్టం లేకుంటే లేదని సెప్పగలడు.”