నొప్పి కాదు, నొప్పులు

బొంబాయిలో సగం మా తాతే కట్టాడు. సరే, సగం కాదు. ఎవరో కడుతుంటే ఆయన తట్టలో సున్నం మోశాడు. నేనూ తక్కువవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళపాటు ఎందరో పెద్ద పెద్ద సాహెబులను పైకి తెచ్చాను. ఫోర్టు పేటలో ఒక ఆఫీసులో లిఫ్టు నడిపేవాణ్ణి లెండి.

ఇక నా కొడుకు పెద్ద డాక్టరని కామాటిపురాలో మా చాల్, అంటే మేముండే గదుల వరసంతా నమ్ముతుంది. నమ్మించింది నేనే. వాడు నర్సు. మగ నర్సును ఇక్కడి దవాఖానాల్లో ‘బ్రదర్’ అంటారు. మహారాష్ట్ర చిట్టచివర, గోదావరి అవతల తెలంగాణ కనిపించే ఒక తాలూకా ఊళ్ళో సర్కారు దవాఖానలో పని. ఇక్కణ్ణించి ఒక రాత్రి రైల్లో, ఒక పగలు బస్సుల్లో పోవాలి. అంత మూలన కొన్నేళ్ళు చేసినవాళ్ళు బదిలీ కోరుకోవచ్చు. ఫారంలో ఇష్టమైన ఊళ్ళు వరసగా రాసివ్వాలి. ఈ ఏడు మావాడి వంతు వచ్చింది. మా ఆవిడ అప్పుడే అటక మీది ఇత్తడి బిందెలు అమ్మేసి వాడి పెట్టెకు జాగా చేసింది. నల్లా దగ్గర అందరికీ చెప్పింది, “జూన్‌ల మా పిలగాడు వస్తుండు” అని.

జూన్‌కు ముందు ఉత్తరం వచ్చింది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని పోస్టుమన్ కూడా కవరు తిప్పి తిప్పి చూశాడు.

ఆ ఉత్తరం చదవడం మామూలు పని కాదు. మావాడు చదివింది మునిసిపాలిటీ మరాఠీ బడి. తెలుగు మాట్లాడతాడు కాని రాయలేడు. అందుకని తెలుగును మరాఠీ అక్షరాల్లో రాస్తాడు. ఆ అక్షరాల్లో ‘కొ’కూ ‘కో’కూ తేడా లేదు, ‘ఎ’ కూ ‘ఏ’ కూ తేడా లేదు. మా ఆవిడకు ఏ అక్షరాలూ రావు. నాకు ఏడు భాషలు చదవడం వచ్చు. అంటే మరాఠీ, ఏడో తరగతి దాకా.

“నీ కోడుకు… మోక్కి రాసేది…” మొదలుపెట్టాను.

“కోడేందయ్యా?” అంది ఆవిడ, బియ్యం ఏరుతూ.

“కోడి కాదే. కొడుకు.”

“మంచిగ సదువు మరి.”

ఒక్కో మాటనూ అటూ ఇటూ వంచి సరిచేసుకుంటూ పోయాను. నేను పడ్డ కష్టం మీకెందుకు గాని, వాడు రాసింది ఇది:

“అమ్మా, ఫోన్ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవ్. ఎప్పుడస్తవ్ అంటవ్, సూద్దాం అంట, నువ్వు ఏడుస్తవ్, నేను సిగ్నల్ లేదని పెట్టేస్త. సిగ్నల్ మంచిగనే ఉంటది. అందుకే రాస్తున్న.

“మొన్న ఒక ముసలమ్మ కోడలిని తోలుకొచ్చింది. నొప్పులు, నొప్పులు అంటున్నది. మా కొత్త సిస్టర్‌ది నాగపూర్ దిక్కు. ఆమెకు వచ్చిన తెలుగు ఒక్కటే మాట, నొప్పి. ఏడ అని చెయ్యితోని సైగ చేస్తే కోడలు పిల్ల నడుం సూపిచ్చింది. నెలలు ఇంకా నిండలే. కడుపుతోని ఉన్నోళ్ళకు నడుం నొప్పి ఉంటదే గద అని బెంచి మీద కూసోమన్నది. నేను పక్కన కట్టు కడుతున్న. నా చెవులవడ్డది. నొప్పి కాదు, నొప్పులు. ఉరికి పోయి డాక్టర్ మేడంను పిలిచిన. ఆమె సూసి ‘లేబర్ రూముకు నడువు’ అన్నది. ఇరవై నిమిషాలకు ఆడపిల్ల. బరువు కిలో ఎనిమిది వందల గ్రాములు. తల్లి ఛాతీకి ఆనిచ్చి గుడ్డతోని కట్టినం, వెచ్చగ ఉండనీకి. ఇద్దరూ బాగున్నరు.

“ఆ మాట నాకెట్ల తెలుసు? నన్ను కొట్టినప్పుడల్ల, రెండు దినాలు నొప్పులు వడి కన్న నిన్ను అంటుంటివి. నేను మరాఠీల అన్నం అడిగితే పెట్టకపోతివి, బువ్వ అని తెలుగుల అడుగు అంటివి. బడిల పోరగాండ్లు నన్ను ఎక్కిరిస్తే ఇంటికచ్చి నీ మీద కోపం చేస్తుంటి. ఇప్పుడు ఆ తెలుగే నాకు అన్నం పెడుతున్నది. అమ్మా, నీకు ధన్యవాద్.”

ఆవిడ చేట పక్కన పెట్టేసింది. “ధన్యవాదా? నేనేమన్న సభల మాట్లాడిన్నా?” అని కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియనీయలేదు. “ఊఁ. ఎప్పుడస్తడట?”

నా కళ్ళు అప్పటికే కింది వాక్యం మీద పడ్డాయి. నోరు మాత్రం దాని దారిన అది పోయింది.

“అమ్మా, ఫారం నింపిన. ఈసారి కాకపోతే వచ్చే ఏడు తప్పకుండా వచ్చి, నీ చేతి జొన్నరొట్టె తింటూ, మహానుభావుడైన మా బాపుకు సేవ చేసుకుంటూ…”

“ఆగు.”

ఆగాను.

“ఇంతసేపు రాళ్ళబాట మీద ఎడ్లబండి లెక్క పోయినవ్. ఇప్పుడు నున్నటి కోస్టల్ రోడ్డెక్కినవేంది? తట్టుకోకుంట తడబడకుంట ఉరుకుతున్నవ్. నా కొడుకు రాసింది గంత సాఫ్‌గ ఉండదు. ఏం రాసిండో అది సదువు.”

అక్షరం రాని మనిషి, చెవితో పట్టేసింది. మహానుభావుడు తల వంచుకుని, వేలు మళ్ళీ వాక్యం కింద పెట్టాడు.

“ఫారం నింపలే అమ్మా. బొంబాయి దిక్కు వస్తే నా లెక్కటి బ్రదర్లు ఆడ మస్తు మంది ఉంటరు. ఈడ వార్డుల మరాఠీ, తెలుగు రెండూ వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. నేను సెలవు పెడితే రోగం చెప్పేటోళ్ళు ఒక దిక్కు, వినేటోళ్ళు ఒక దిక్కు. సిస్టర్లకు నేర్పుతున్న. గోడకు కాగితం అంటించిన, ఒక పక్క మన మాట, ఒక పక్క మరాఠీ. వాళ్ళు నేర్సుకునేదాక ఉండాలె. ఏడాదో, రెండేండ్లో, అబద్ధం చెప్ప. కాగితం మీద ఒక కాడ ఆగిపోయిన. సలుపుడు, గుంజుడు, పోటు, ఈ మూడింటికి ఫరక్ నాకు సరిగ తెలుస్తలేదు. నువ్వు చెప్తవా?”

ఆవిడ లేచి బయట గ్యాలరీలోకి పోయింది. నేను కదల్లేదు. ఆ వేళకు నల్లా దగ్గర బిందెలతో పక్కింటామె ఉంది. “ఏం వదినె, కొడుకు జూన్‌ల వస్తుండా?” అని ఆమె అడగడం వినిపించింది.



“రాడు,” అంది మా ఆవిడ. “ఆడ పనుంది వానికి. వాడు లేకుంటే ఆడ నడవదు.”

పొగుడుకోవడం నా ఒక్కడి హక్కనుకున్నాను ఇన్నాళ్ళూ. తేడా ఏమిటంటే ఆవిడ చెప్పింది నిజం.

లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూచుంది. “కాగితం తియ్యి. సలుపుడంటే పుండు పండినప్పుడు. లోపల ఇంకో గుండె కొట్టుకున్నట్టు ఉంటది. పన్నుకు గూడ వస్తది. రాసినవా?”

“రాశాను.”

“గుంజుడు నరానిది. పిక్కల్ల ఎవలో తాడు కట్టి లాగినట్టు. పోటు అట్ల కాదు, పొడిచినట్టు వస్తది, పోతది, మల్ల వస్తది. పక్కల పోటు అన్నోళ్ళను కూసోవెట్టొద్దని చెప్పు, జల్ది సూడమను. ఏం రాసినవో సదువు.”

చదివాను. తడబడుతూనే చదివాను, ఆవిడ నమ్మాలి కదా.

“ఇంకోటి వాడు మర్సిపోయిండు. తీపులు. కాళ్ళు తీపులు అని ముసలోళ్ళు అంటరు. ఆ సిస్టర్లు తియ్యగ అనుకునేరు.”

“దానికి మందేమని రాయాలి?”

“మందెందుకు? జరసేపు కాళ్ళు వత్తితే పోతది.”

“ఎవరు వత్తాలే, సిస్టరా?”

“నా కొడుకు వత్తడా? చిన్నగున్నప్పుడు నాకు వత్తెటోడు. రాయి.”