పంపు కింద ఆరడుగుల గుంత

సికింద్రాబాదు స్టేషను దగ్గర ఒక ఐదంతస్తుల లాడ్జి ఉంది. దాని వెనక, బావి పక్కన, పంపు ఒక గుంతలో ఉంటుంది. పోలీసు యాక్షన్ నాటి తుపాకులు అందులో పాతిపెట్టారనీ, అవి కనబడకుండా ఫిట్టరే పైన పంపు బిగించాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గుంత లోతు లెక్క కట్టింది నేను. ఆ మాట ఒక నిర్దోషి మీద నిలిచిపోకూడదని ఇది రాస్తున్నాను.

పోలీసు యాక్షన్ తర్వాతి ఎండాకాలం అది. పంపులు అమ్మి బిగించే దుకాణంలో నేను గుమాస్తాను. కాలేజీ గడప తొక్కలేదు. సాయంత్రాలు లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు ఇంజనీరింగు పుస్తకాలు చదివినవాణ్ణి. ఆ చదువంటే నాకు ఈనాటికీ గర్వమే.

పంపు నీటిని పైకి ఎంత ఎత్తయినా తోయగలదు గానీ, కింద నుంచి లాగలేదు. బావి నీటి మీద ఉన్న గాలి బరువే నీటిని పంపులోకి నెడుతుంది. మా ఊరి ఎత్తులో ఆ బరువు దాదాపు ముప్పైరెండడుగుల నీటికి సమానం. ఎండాకాలం బావి నీరు ఇరవై అడుగుల కింద ఉంది. పైపు రాపిడికి, నీటి వెచ్చదనానికి ఇంకో నాలుగడుగులు పోతాయి. మిగిలేది ఎనిమిది. దీన్నే పుస్తకాలు నెట్ పాజిటివ్ సక్షన్ హెడ్ అంటాయి. మేం ఎంచిన పంపుకు పది కావాలని కాటలాగు చెబుతోంది. లోటు రెండడుగులే అయినా, బావి నీరు ఇంకా దిగినా సరిపోయేలా పంపును ఆరడుగుల గుంతలో దించాలన్నాను.

లాడ్జి సేటు నమ్మలేదు. "ఐదంతస్తులు ఎక్కించే పంపు ఇర్వై అడుగులు గుంజదా?" అన్నాడు. తవ్వకం కూలీలో నాకేదో వాటా ఉందనుకున్నాడు.

మా ఫిట్టరైతే నన్నే నమ్మలేదు. అతను మౌలాలి నుంచి వచ్చే ముస్లిం, నాకంటే పెద్దవాడు. ఆ రోజుల్లో కొత్తగా మట్టి తవ్వితే చాలు, ఆయుధాలు పాతారేమోనని పోలీసులు వచ్చేవారు. మరుగుదొడ్డి కోసం గుంత తవ్విన అతని బావమరిదిని ఠాణాకు తీసుకెళ్లి రెండు దినాలు కూర్చోబెట్టారు.

"లెక్క నీది తమ్మీ, గుంత నాదైతది," అన్నాడు నాతో. "రేపు దాంట్ల ఏదన్న దొరికితే, ఎవర్ని గుంజుకపోతరు?"

నేనే అందులో ఏదో పెట్టించి పట్టిస్తానని అతని భయం. నాకు కోపం వచ్చింది. ఆ వెనకే, ఇతనికి ఇంత భయమెందుకని నాకూ అనుమానం పుట్టింది.

చివరికి పంపును నేల మీదే బిగించారు. పైకి వెళ్లే పైపు వాల్వు పూర్తిగా తెరవగానే లోపల కంకర గిరగిర తిరిగినట్టు చప్పుడు. పైకి నీరు పలచబడింది. సేటు ఫిట్టరు వైపు చూశాడు, ఫిట్టరు నా వైపు. పంపు విప్పితే ఒక్క రాయి లేదు. ఫిట్టరే అంతలో రాళ్లు తీసి దాచేశాడనీ, కావాలనే పాడుచేస్తున్నాడనీ, ఠాణాకు కబురు పంపిస్తాననీ సేటు అన్నాడు. ఫిట్టరు పానా కింద పెట్టి, చేతులు అందరికీ కనబడేలా నిలబడ్డాడు.

అప్పుడు నేను పంపు మళ్లీ బిగింపించి, నడుస్తుండగా సేటు చేతనే వాల్వు పట్టించాను. సగం మూస్తే చప్పుడు తగ్గింది. తెరిస్తే మళ్లీ మొదలైంది.

"కంకరైతే వాల్వు మూస్తే యాడికి పోతది సేట్?" అన్నాను.

ఒత్తిడి చాలక నీరే లోపల ఆవిరి బుడగలై, నీటిని తోసే చక్రం మీద పగులుతోందని చెప్పాను. కావిటేషన్ అంటే అదే. నీటి ధార తగ్గితే పంపుకు కావలసిన ఒత్తిడీ, పైపులో రాపిడీ తగ్గుతాయి, అందుకే శాంతించింది. ఇలాగే నడిపితే కొన్నాళ్లకు చక్రం జల్లెడవుతుందన్నాను. సేటు మూడుసార్లు తిప్పి చూశాక గుంతకు ఒప్పుకున్నాడు.

ఫిట్టరు మాత్రం ఒప్పుకోలేదు. "పోలీసాయన కుర్సీ ఏస్కొని కూసోవాలె. తవ్వేది నువ్వే," అన్నాడు.

నేనే తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. కానిస్టేబులు కుర్చీలో కునుకు తీసినప్పుడల్లా ఫిట్టరు దగ్గి లేపేవాడు. ఆరడుగులూ తవ్వాక సేటు దిగి చూశాడు, ఆ తర్వాతే ఫిట్టరు దిగాడు. పంపు బిగించి వాల్వు పూర్తిగా తెరిస్తే మోటారు హోరు తప్ప ఇంకేం వినిపించలేదు. ఐదో అంతస్తు ట్యాంకు నిండి పొర్లింది. నేను నవ్వాను. ఫిట్టరు నవ్వలేదు. "లోపట ఏం లేదని సేట్ ముంగట ఇంకోపారి చెప్పుండ్రి," అని కానిస్టేబులును అడిగాడు. అతను చెప్పాక గానీ ఫిట్టరు పనిముట్లు సర్దుకోలేదు.

పుస్తకాలు వెతికి ఇచ్చిన లైబ్రరీ పెద్దాయనకు, వాల్వు తిప్పి చూసిన సేటుకు, రెండోసారి నోరు విప్పిన కానిస్టేబులుకు నా కృతజ్ఞతలు. పేర్లు రాయాలనే అనుకున్నాను. ముందుగా ఫిట్టరునే అడిగాను. "రాస్కో. నా పేరు మాత్రం వద్దు తమ్మీ," అన్నాడు. అతని పేరు లేని చోట ఇంకెవరి పేరూ రాయబుద్ధి కాలేదు.