ఉత్తరం కోసం ఆపిన ప్రీమియం

మా వీధికి వచ్చే ఇన్సూరెన్స్ ఏజెంటమ్మ నా సలహా అడగకుండా ఒక్క పాలసీ కూడా రాసేది కాదు. ఇది అబద్ధం. ఆమె మా గుమ్మం ముందునుంచే నేరుగా పక్కింటికి పోయేది.

పక్కింటాయన గనిలో పంపులు నడిపినవాడు. ఏటా ప్రీమియం గడువు దాటనిస్తాడు. కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. ఏజెంటమ్మ తన ఊరు రాయల్పాడు నుంచి మామిడిపళ్ల సంచితో దిగి, ఆ ఇంగ్లీషు ఉత్తరాన్ని ఆయనకు తెలుగులో చెబుతుంది. వాళ్ల వరండాలో కాఫీ, నవ్వులు. నా ప్రీమియం బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోయేది కాబట్టి నాకు ఉత్తరమూ లేదు, పండూ లేదు. వేళకు కట్టేవాణ్ణి పలకరించేదెవరు?

ఆ ఏడాది బ్యాంకుకు వెళ్లి ఆ ఏర్పాటు తీయించేశాను. మేనేజరుతో పెద్ద వాదనే జరిగిందని వీధంతా చెప్పాను. జరిగింది ఒక సంతకం.

ఉత్తరం వచ్చింది. ఏజెంటమ్మకు ఫోన్ చేయలేదు. పక్కింటికి పిలవకుండానే వస్తుంది కదా, ఇక్కడికీ అలాగే రావాలని కూర్చున్నాను. ఆమె వచ్చేసరికి మూడు వారాలు దాటాయి. చేతిలో సంచి లేదు, ముఖంలో నవ్వు లేదు.

“ఏమప్పా, పోయినేడే కదా గుండెకు స్టెంట్ వేసినారు. ప్రీమియం ఆపేదేంది?”

“ముందు ఉత్తరంలో ఏముండాదో చెప్పమ్మా,” అన్నాను దర్జాగా.

“గడువు దాటినాక ముప్పై దినాలు టైమిస్తారు. ఈలోగా మీకేమన్నా అయితే, కట్టని ప్రీమియం పట్టుకుని మిగతాదంతా ఇస్తారు. అది దాటితే పూర్తి మొత్తం రాదు. మీరు సగం ఏండ్లే కట్టినారు, దానికి తగ్గదే మిగుల్తుంది. ఇంగ బోనస్ కూడా చేరదు.”

“మళ్లీ మొదలుపెట్టుకుంటా.”

“అయిదేండ్లలోపల అడగొచ్చప్పా. బాకీలన్నీ వడ్డీతో కట్టాల. ఆరోగ్యం బాగుండాదని రాసియ్యాల, అడిగితే మీ ఖర్చుతో పరీక్షలు చేయించాల. స్టెంట్ చూసి కంపెనీ వద్దంటే అంతే. పక్కింటాయన గుండె గట్టిది, అయినా ఆయప్పను ఏటేటా తిట్టడానికే వస్తా. నవ్వుతా తిడతా, అంతే.”

వాకిట్లో నిలబడి విన్న నా భార్య అడిగింది: “ఇంకెన్ని దినాలుండాయి?”

“నాలుగే అమ్మా.”

“ఆ దుడ్డు నా పేరుకే కదా రాసుండేది. ఈయప్పకు ఉత్తరం మీద మోజు పుడితే రేపు నేను యాడికి పోవాల?”

ఆ మాటకు సింహంలా లేచి కంపెనీ ఆఫీసుకు పరిగెత్తాను అని రాస్తే బాగుండేది. నేను కుర్చీలోంచి కదల్లేదు. ఆమే తన ఫోన్ తీసి, ఏజెంటమ్మ చెప్పినట్టు కట్టేసింది. రసీదు వచ్చేదాకా నేను ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఏజెంటమ్మ మా ఇంటికీ వస్తుంది. ఆమె, నా భార్య వంటింట్లో కూర్చుని ఎంతసేపైనా నవ్వుకుంటారు. నేను గుమ్మంలోకి వెళితే మాట ఆపేస్తారు.