మేనేజరు గారున్నారా

మా వదిన హోటల్లో పెద్ద సర్వరుని అందరూ బావ అనే పిలుస్తారు. అందరికీ బావైన మనిషి వేళాకోళాలు భరించక తప్పదు. ఈయన భరించడమే కాదు, తిరిగి వడ్డిస్తాడు.

పాత మేనేజరు మాటలతో కోటలు కట్టి, లెక్కలు గుల్ల చేసి పోయాడు. కొత్త మేనేజరుని ఎలా ఎంచాలో వదినా, లెక్కలు చూసే నేనూ కూర్చుని రాసుకున్నాం. అందరికీ అవే ప్రశ్నలు. ఏ జవాబుకి ఎన్ని మార్కులో ముందే అనుకోవాలి. ఇద్దరం ఒక్కో జవాబుకి ఐదింటికి విడివిడిగా మార్కులు వేశాకే నోరు విప్పాలి. హాలుకి సగం, లెక్కలకి సగం.

నీళ్లు పెడుతూ బావ అందుకున్నాడు. "ఒకదాంట్లో వచ్చిన మార్కులు రెండోదాని తప్పు కప్పకూడదమ్మగారూ. ఆ పాతాయన నవ్వు చూసే కదా మునిగాం."

నిజమే. ఏ భాగంలో సగటు మూడుకి తగ్గినా, మొత్తం ఎంతొచ్చినా వద్దనుకున్నాం.

ఆ తర్వాత బావే దరఖాస్తు పెట్టాడు.

మడతలు పోని కొత్త చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. "మా ఆవిడ కొంది. సాయంత్రం ఇక్కడికి ఫోన్ చేసి 'మేనేజరు గారున్నారా' అని అడుగుతుందట. దాని సరదా."

వదిన మొదలుపెట్టింది. "హాలు నిండింది, ఇద్దరు సర్వర్లు రాలేదు. ఏం చేస్తారు?"

"కొత్తగా వచ్చినవాళ్లకి ఎంతసేపు పడుతుందో గుమ్మం దగ్గరే నిజం చెప్తాను. ఉన్నవాళ్లకి బల్లలు పంచి, ఆలస్యమైన బల్లకి నేనే వెళ్తాను. తిట్లు నా వాటా."

ఐదు.

"గల్లా మూసేటప్పుడు నగదు తగ్గింది. అప్పుడు?"

మేం ముందే రాసుకున్న జవాబు ఇదీ: మళ్లీ లెక్కపెట్టాలి, పొద్దున పెట్టిన చిల్లర తీసేయాలి, కార్డు మొత్తం, రద్దైన బిల్లులు సరిచూడాలి. అప్పటికీ తేడా ఉంటే ఉన్నదున్నట్టు రాసి యజమానికి చెప్పాలి. చెప్పకుండా సర్దేస్తే ఒకటే మార్కు.

"మళ్లీ లెక్కపెడతాను. అప్పటికీ తగ్గితే నా జేబులోంచి వేసేస్తాను. ఇన్నాళ్లూ అంతే కదండీ."

"ఇన్నాళ్లూనా?" అంది వదిన.

"కొత్తవాళ్ల పొరపాట్లు. పాపం, జీతం కోస్తారని..."

మా గల్లా పైసాతో సహా సరిపోతుందని నలుగురిలో గొప్పలు పోయినవాణ్ణి నేను. తలెత్తలేకపోయాను.

ఆ జవాబుకి ఇద్దరం ఒకటే వేశాం, సరుకుల ఖర్చు ప్రశ్నకి మూడు. లెక్కల సగటు రెండు. మొత్తంలో మాత్రం అంతకుముందు వచ్చిన అందరికంటే బావే ముందు.

ఆయన బయటికెళ్లాక వదిన మెల్లగా అడిగింది. "ఆ ఒకటిని మూడు చేస్తే?"

"చెయ్యొచ్చు వదినా. అదీ జేబులోంచి వేసినట్టే."

వదిన మార్కుల కాగితం మడిచేసింది. తర్వాత బావని పిలిచి తనే చెప్పింది. వేరే హోటల్లో పనిచేసిన ఒకావిడకి రెండు భాగాల్లోనూ మూడు దాటాయని, సోమవారం నుంచి ఆవిడే మేనేజరని.

"ఆ షరతు నేను పెట్టిందే కదమ్మగారూ" అన్నాడు. కొత్త చొక్కా మీదే ఏప్రన్ కట్టుకుని హాల్లోకి నడిచాడు.

సాయంత్రం గల్లా దగ్గర ఫోన్ మోగింది. నా చెయ్యి వెళ్లేలోపే ఆయన తీశాడు. అవతల నవ్వు నాదాకా వినిపించింది.

"లేరండి" అన్నాడు బావ. "సోమవారం చేరతారు." చొక్కా కాలరు సర్దుకుని, "చొక్కా బాగుందన్నారు అందరూ" అన్నాడు.