తొంభై సెకన్లు కూర్చున్నందుకు

ముత్తుకూరు జిమ్‌లో చేరిన రోజు, ట్రైనర్ ఒక కాగితం మీద రాసిచ్చాడు: డంబెల్ ప్రెస్, పది రెప్స్, మూడు సెట్లు, మధ్యలో తొంభై సెకన్లు రెస్ట్. డంబెల్స్‌ని తలపైకి ఒకసారి ఎత్తి భుజాల దాకా దించితే ఒక రెప్, అలాంటివి ఆపకుండా పది చేస్తే ఒక సెట్ అని చూపించాడు.

రెస్ట్ అన్న మాటే నాకు గిట్టలేదు. మాది వరి పండించే ఇల్లు. నాట్లప్పుడు నడుం ఎత్తి నిలబడ్డానంటే మా అమ్మ గట్టు మీది నుంచే కేకలేసేది. అందుకే ఎక్కడా ఆగకుండా మొదలుపెట్టాను. మూడో పదిలో నాలుగోసారికి చేతులు సగంలోనే ఆగిపోయాయి. ట్రైనర్ పరుగున వచ్చి డంబెల్స్ అందుకున్నాడు.

"ఏందన్నా ఆ తొందర? నేను రాసింది మూడు సెట్లు, నువ్వు చేసింది ఒకటే సెట్టు. రెస్ట్ కూడా పనేనన్నా. అప్పుడే చేతుల్లోకి మళ్లీ సత్తువ వస్తాది."

రెండు రోజుల తర్వాత, అవే డంబెల్స్. సెట్ అయిన ప్రతిసారీ గడియారం చూస్తూ, దొంగలా బెంచీ మీద కూర్చున్నాను. మూడో సెట్ ఎనిమిదో రెప్‌కి చేతులు వణికాయి. తొమ్మిది. పదోది నెమ్మదిగా, పూర్తిగా పైకి లేచింది. జిమ్మంతా అదిరేలా అరిచాను.

ఇంటికెళ్లి అమ్మతో గర్వంగా చెప్పాను. "మధ్యలో రెండుసార్లు కూర్చున్నానమ్మా. అందుకే ముప్పైసార్లు ఎత్తినా!"