వేసవిలో పదకొండు మిల్లీమీటర్లు

ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నిగారు. ముప్ఫై ఏళ్లు టైపిస్టుగా చేసి, ఇప్పుడు పాత వర్షపాతం రిజిస్టర్ల స్కాన్లు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉంది. పెళ్లి చేసుకోలేదు. నర్సుగా రిటైరైన అక్కతో కలిసి ఉంటుంది.

మొదటి విడత వేరెవరో ఎక్కించారు. దాన్ని చూసి ఆనకట్ట ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మీ లెక్కలో మే నెలంతా రోజూ పదకొండు మిల్లీమీటర్ల వాన పడిందండీ. మేం ఎండకి మాడిపోతుంటే ఇదెక్కడ కురిసిందో చెబుతారా?"

పిన్నిగారు స్కాను తెరిచింది. ఒకటో తేదీన చిన్న అడ్డగీత. దాని కింద ముప్ఫై గళ్లలో రెండేసి నిలువు గీతలు. అవి పదకొండ్లు కావు, పైదే అని చెప్పే డిటో గుర్తులు. పేజీ అడుగున నెల మొత్తం సున్నా అని రాసి ఉంది.

సూపర్‌వైజరు వెంటనే తీర్పు ఇచ్చేశాడు. "పదకొండ్లన్నీ సున్నాలు చేసేయండి. మిగతా నెలల్లో ఉన్న ఖాళీ గళ్లు కూడా. పీడా పోతుంది."

"ఆగస్టులో నిజం పదకొండ్లున్నాయి సార్. అవి ఉంటేనే అడుగున మొత్తం సరిపోతోంది."

"సరే, అవి ఉంచండి. ఖాళీలు మాత్రం సున్నాలే."

ఆ సాయంత్రం కాకరకాయలు తరుగుతూ అక్కని అడిగింది.

"వార్డు చార్టులో గీతకీ ఖాళీకీ తేడా ఏంటక్కా?"

"గీత పెట్టానంటే చూశాను, ఏమీ లేదని. ఖాళీ వదిలానంటే మంచం దగ్గరికే వెళ్లలేదని. రెండూ ఒకటే అన్న డాక్టర్ని నేనైతే కడిగేసేదాన్ని."

మర్నాడు పిన్నిగారు ఆగస్టు పేజీ సూపర్‌వైజరు ముందు పెట్టింది. తొమ్మిది నుంచి పదిహేడు దాకా వాన గళ్లు ఖాళీ. పద్దెనిమిదిన డెబ్భై నాలుగు. పక్కన రిమార్కుల్లో, తొమ్మిదో తేదీ ఎదురుగా 'జ్వరం'. కింద ఎనిమిది డిటోలు.

"వానకి జ్వరమా?" అన్నాడాయన.

"కొలిచే ఆయనకి సార్. తొమ్మిది రోజులు ఎవరూ వెళ్లలేదు. వాన పట్టే డబ్బాలో నిండిందంతా పద్దెనిమిదిన ఒకేసారి కొలిచినట్టున్నారు. సున్నాలు పెడితే అదంతా ఒక్కరోజు వాన అయిపోతుంది. ఆనకట్ట ఆయన దాన్ని నమ్మి లెక్కలు వేసుకుంటాడు."

సూపర్‌వైజరు వేలు పెట్టి డిటోలు లెక్కపెట్టుకున్నాడు. ఎవరూ వినకుండా ఆవిడని తలుపు వేసి రమ్మన్నాడు. ఇంజనీరుకి ఆయనే ఫోన్ చేసి, "మా వాళ్ల దగ్గర ఒక సందేహం వచ్చిందండీ" అన్నాడు. ఇంజనీరు మాత్రం సందేహం ఎవరిదని అడిగి ఫోను ఆవిడకి ఇమ్మన్నాడు, అంతా విని మళ్లీ మొదటి నుంచి ఎక్కించమన్నాడు.

నాలుగు వందల పేజీలూ మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు ఒక వరుసలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, పక్క వరుసలో దాని అర్థం. తెలియనిచోట 'తెలియదు' అని. సూపర్‌వైజరు ఆ మాట చూసి మొహం చిట్లించాడు కానీ చెరపమనలేదు.

ఆగస్టు పద్దెనిమిది నుంచి రిజిస్టర్లో చేతిరాత మారింది. జ్వరం వచ్చినాయన ఏమయ్యాడోనని పిన్నిగారికి అన్నం సయించలేదు. వరుస తప్పకుండా ఒక్కో పేజీ ఎక్కించుకుంటూ పోతే, అక్టోబరు ఆరున పాత రాత మళ్లీ కనిపించింది. కాస్త వణుకుతోంది, అంతే.

"బతికాడక్కా!" అంది ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే.

"ఎవరు?"

"పేరు తెలీదు."

అక్క పాలు స్టవ్వు మీద పెట్టింది.