పిన్ని పండించిన పత్తి, మిల్లు కట్టిన పన్ను

నరసరావుపేట దగ్గర పత్తిలో గింజ వేరుచేసి దూది తీసే ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేటప్పుడు నాకు పొగరెక్కువని పేరుండేది. అబద్ధమేం కాదు. జీఎస్టీ వచ్చాక ఊళ్లో చాలామంది గుమాస్తాలు తల పట్టుకుంటే, నేను చట్టం పుస్తకం కొనుక్కుని చదివాను. రివర్స్ ఛార్జి గురించి ఎవరడిగినా ఆపకుండా చెప్పేదాన్ని.

విషయం పెద్దదేం కాదు. మామూలుగా సరుకు అమ్మినవాడు పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కడతాడు. పత్తి రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు. అందుకని రైతు దగ్గర పత్తి కొంటే పన్ను కొన్న మిల్లే కట్టాలి, రివర్స్ ఛార్జి అంటే అదే. నూటికి అయిదు రూపాయలు, కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి ఆ బిల్లు కూడా మిల్లే తన పేరున రాసుకోవాలి. ఈ పన్ను డబ్బుతోనే కట్టాలి, పాత క్రెడిట్‌తో, అంటే ఇదివరకు కొనుగోళ్ల మీద కట్టిన పన్నుతో, సరిపెట్టడం కుదరదు. కట్టాక మాత్రం అంత మొత్తం మిల్లుకు క్రెడిట్‌గా వస్తుంది. దూది అమ్మినప్పుడు పడే పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చు. రైతు రేటులో ఒక్క పైసా కోత ఉండదు.

అన్నీ తెలుసనుకున్న నేనే ఒక తప్పు చేశాను.

మా పల్నాడులో ఏ పనికైనా ముందు అడిగేది పొలం పాసుపుస్తకం. ఎరువు బస్తాకీ అదే, బ్యాంకు అప్పుకీ అదే. పత్తి తెచ్చిన ప్రతివాళ్లనీ నేనూ అదే అడిగాను. కౌలుకు చేసేవాళ్లు పొలం ఆసామి పాసుపుస్తకం జిరాక్సు తెచ్చిచ్చేవారు. బిల్లు మీద కౌలుదారు పేరు, దాని వెనక పిన్ను కొట్టిన కాగితం మీద ఆసామి పేరు. ఆ సీజనంతా అలాగే ఫైళ్లు కట్టాను, చూసుకుని మురిసిపోయాను కూడా.

మరుసటి ఏడు పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. బిల్లు మీది పేరూ పాసుపుస్తకం మీది పేరూ కలవలేదు, ఈ అమ్మినవాళ్లకు పొలం లేదు, ఉన్నా ఎకరం అరెకరం, కాబట్టి వీళ్లు రైతులు కారు, ఊళ్లో పత్తి కొని తెచ్చే వ్యాపారులు అని దాని సారాంశం. పత్తికి రివర్స్ ఛార్జి రైతు దగ్గర కొంటేనే వర్తిస్తుంది. వ్యాపారి దగ్గర కొన్నదానికి మీరు కట్టింది కట్టవలసిన పన్నే కాదు, దాని మీద వాడుకున్న క్రెడిట్ చెల్లదు, వెనక్కి కట్టండి అన్నారు. కౌలుదారుల దగ్గర కొన్నది అరవై లక్షల సరుకు. అయిదు శాతం లెక్కన మూడు లక్షలు. వడ్డీ, జరిమానా దానికి అదనం.

మా ఓనరు నోటీసు నా బల్ల మీద పడేశారు.

"ఏందమ్మాయ్ ఇది? చానా చదివానన్నావుగా. ఇది తేలకపోతే వచ్చే సీజనుకి ఆ కుర్చీలో ఇంకొకరుంటారు."

 ఇంటికెళ్లి ఏడ్చాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చి పుస్తకం తెరిచాను. వ్యవసాయదారుడంటే ఎవరో చట్టంలో రాసి ఉంది: సొంత కష్టంతోగానీ, ఇంటివాళ్ల కష్టంతోగానీ, తన పర్యవేక్షణలో కూలీలను పెట్టిగానీ భూమి సాగు చేసే వ్యక్తి. నాలుగుసార్లు చదివాను. ఆ భూమి తనదై ఉండాలన్న మాట ఎక్కడా లేదు! నేను ఏడాది పొడవునా అడిగిన పాసుపుస్తకం చట్టం అడగనే లేదు.

వారం రోజులు స్కూటీ మీద ఊళ్లు తిరిగాను. సాగు ఎవరు చేస్తున్నారో రాసే ఈ-పంట నమోదు కాగితాలు రైతు సేవా కేంద్రాల్లో తీయించాను. మొత్తం అందరివీ దొరికాయి. అయినా కాగితాలతో పాటు ఒక మనిషి కూడా ఉంటే బాగుంటుందనిపించి, రెంటచింతల దగ్గర పన్నెండెకరాలు కౌలుకు చేసే పిన్ని ఇంటికెళ్లాను. చుట్టం కాదు, మా మిల్లుకు పత్తి తోలుతుంది, నేనలా పిలుస్తాను. నోటీసులో అందరికంటే పెద్ద మొత్తం ఆమె పేరు మీదే ఉంది.

సంగతంతా విని పిన్ని చేట పక్కన పెట్టింది.

"నేను రైతును కానంటనా? ఎవుడే అన్నది?"

"ఆఫీసరు గారు పిన్నీ. కాగితం చూసి అన్నారు."

"పద. ఆ కాయితం నేనూ చూస్తా."

విచారణ రోజున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, చంకలో ఒక సంచీతో వచ్చింది. ఓనరు మాకు వెనకగా కూర్చున్నారు. నేను నిర్వచనం చదివి వినిపించి, ఈ-పంట కాగితాలు ముందు పెట్టాను. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, జాగ్రత్తపరుడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, పిన్ని వైపు చూశాడు.

"సాగు మీరే చేశారనడానికి ఇంకేమైనా ఉందా అమ్మా? ఇంత పత్తి మీ పొలంలోదేనా?"

పిన్ని సంచీలోంచి అట్ట చిరిగిన నోటు పుస్తకం తీసింది. పత్తి తీతకు వచ్చిన కూలీల పేర్లు, ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు తీశారో, ఎంత ఇచ్చిందో అందులో ఉన్నాయి. కిలోల లెక్కన కూలి ఇస్తారు కాబట్టి తప్పు రాస్తే ఆడవాళ్లు ఊరుకోరు.

"మూడు తీతలు తీయించా సారూ. నాలుగోది గులాబీ పురుగు తినిపోయింది. కూడుకోండి."

ఆయన కాలిక్యులేటరు తీశాడు. నేనూ తీశాను. ఇద్దరం కూడాం. తీతల మొత్తం తొంభై ఎనిమిది క్వింటాళ్లు. మా మిల్లు కాటా చిట్టీల మొత్తం తొంభై ఆరు.

"రెండు తగ్గిందే?" అన్నాడాయన.

పిన్ని నవ్వింది. "తీసిన నాడు మంచు తడి ఉంటది సారూ. ఆరితే తగ్గదా? కొనుక్కొచ్చి అమ్మేదాన్నయితే రెండు క్వింటాళ్లు పోగొట్టుకుంటానా?"

ఆఫీసరు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి నా గుండె ఎగిరి గంతేసింది. వెనక ఓనరు దగ్గారు, ఆయన సంతోషాన్ని దాచుకునే పద్ధతి అది.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. భూమి ఎవరిదన్నది ఇక్కడ అవసరం లేదు, సాగు చేసినవారే వ్యవసాయదారులు, మిల్లు రివర్స్ ఛార్జి కింద పన్ను కట్టడం సరైనదే, క్రెడిట్ చెల్లుతుంది, నోటీసు రద్దు. నేను దాన్ని మిల్లు ఆవరణలో గట్టిగా చదివాను. కాటా దగ్గర హమాలీలు కూడా పని ఆపి విన్నారు.  మర్నాడు ఓనరు నా పాత ప్లాస్టిక్ కుర్చీ తీసేసి కొత్త కుర్చీ వేయించారు. నేను దాంట్లో చక్రాల మీద గిర్రున తిరిగాను, సిగ్గు లేకుండా.

ఆ సీజను నుంచి మా ఫారంలో పాసుపుస్తకం గడి కొట్టేసి, "పంట సాగు చేసినది ఎవరు" అని రాయించాను.

పిన్ని ఉత్తర్వుకు జిరాక్సు అడిగి తీసుకుంది. తీతకు వచ్చే ఆడవాళ్లతో కలిసి పత్తి తోలుకొచ్చిన రోజున కాటా దగ్గర కొత్తగా చేరిన మనిషి అలవాటుగా అడిగాడు.

"పాసుపుస్తకం ఉందా?"

పిన్ని జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోని ఉత్తర్వు జిరాక్సు మడతలు విప్పి, తన పేరున్న వరుస మీద వేలు పెట్టి, అతని మొహం ముందు పట్టుకుంది.

"చదువు. గట్టిగా చదువు, ఆడాళ్లంతా వినాలి."

అతను చదివాడు. నేను లోపల ఆమె పేరున బిల్లు రాస్తూ, రైతు అన్న మాట దగ్గర పెన్ను గట్టిగా ఒత్తాను.